ఒకే భూభాగం, రెండు వరుసలు: జనాభా పట్టికలలో నగర రాజ్యాల స్థానం

ప్రపంచ దేశాల వైశాల్య, జనాభా పట్టికలలో సింగపూర్ ఒక దేశంగా కనిపిస్తుంది. ప్రపంచ మహానగరాల పట్టికలోనూ అదే పేరు, దాదాపు అదే సంఖ్యతో కనిపిస్తుంది. మొనాకో, వాటికన్ విషయంలోనూ ఇంతే. పోటీ పరీక్షల పుస్తకాలలో "దేశం: సింగపూర్, రాజధాని: సింగపూర్" అన్న వరుసను చూసి అచ్చుతప్పేమోనని సందేహించే విద్యార్థులు ఉంటారు. అది తప్పు కాదు. పట్టికలోని వరుస స్థలాన్ని కాక, ఆ స్థలాన్ని ఏ రకపు ఏకకంగా లెక్కించారన్న విషయాన్ని సూచిస్తుంది.

ఐక్యరాజ్యసమితి ఏటా వెలువరించే జనాభా వార్షిక గ్రంథం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ఒక పట్టిక దేశాలు, ప్రాంతాల జనాభాను, వైశాల్యాన్ని, జనసాంద్రతను ఇస్తుంది. మరొక పట్టిక రాజధాని నగరాలను, లక్ష అంతకు మించిన జనాభా గల నగరాలను ఇస్తుంది. మొదటి పట్టిక అడిగే ప్రశ్న రాజకీయమైనది: ఈ సరిహద్దు లోపల ఎందరున్నారు? రెండవ పట్టిక ప్రశ్న ఆవాసానికి చెందినది: ఈ జనావాసంలో ఎందరున్నారు? భారతదేశానికి ఈ రెండు ప్రశ్నలకూ వచ్చే సమాధానాలకు పోలికే లేదు. సింగపూర్‌కు మాత్రం రెండింటికీ ఒకే సమాధానం వస్తుంది. ఏదో ఒక పట్టిక నుండి దానిని తొలగిస్తే ఆ పట్టిక అసంపూర్ణమవుతుంది. కనుక రెండు చోట్లా ఉంచడమే సరైన పద్ధతి.

అయితే సింగపూర్‌లో నగరానికీ దేశానికీ మధ్య ఈ అభేదం మొదటినుండీ ఉన్నది కాదు. 1951లో బ్రిటిష్ రాచరిక శాసనం ద్వారా సింగపూర్‌కు నగర హోదా లభించింది. ఆనాడు నగర ప్రాంతాన్ని నగర మండలి, ద్వీపంలోని మిగిలిన పల్లె ప్రాంతాలను గ్రామీణ మండలి పాలించేవి. 1957 జనగణనలో సింగపూర్ మొత్తం జనాభా 14,45,929. నగర పరిధిలోని జనాభా ఇందులో ఒక భాగం మాత్రమే. అంటే అప్పటి పట్టికలలో "సింగపూర్ వలస రాజ్యం", "సింగపూర్ నగరం" అనే రెండు పేర్లకు రెండు వేర్వేరు సంఖ్యలు ఉండడానికి ఆస్కారం ఉంది. 1959లో స్వయంపాలన వచ్చాక నగర మండలి రద్దయి, దాని బాధ్యతలు ప్రభుత్వ శాఖలకు చేరాయి. నగరానికి ప్రత్యేకమైన సరిహద్దు అప్పటినుండి లేదు. సరిహద్దు లేని నగరానికి గణకులు ఇవ్వగలిగినది మొత్తం దేశపు అంకె మాత్రమే. నేడు రెండు వరుసలలో ఒకే సంఖ్య కనిపించడానికి ద్వీపం చిన్నది కావడం కంటే ఈ పరిపాలనా నిర్ణయమే దగ్గరి కారణం. 1950ల నాటి నగర సంఖ్యను నేటి దేశ సంఖ్యతో పోల్చి "నగరం ఇన్ని రెట్లు పెరిగింది" అని రాస్తే, ఆ పెరుగుదలలో కొంత జనానిది కాదు, సరిహద్దుది.

మొనాకో మరో దారిలో ఇదే స్థితికి చేరింది. 1911 నాటి రాజ్యాంగం ఆ సంస్థానాన్ని మూడు కమ్యూన్లుగా, అంటే మూడు పురపాలక విభాగాలుగా, చేసింది. కొద్ది సంవత్సరాలకే అవి తిరిగి కలిసిపోయాయి. సంస్థాన భూభాగమంతా ఒకే కమ్యూన్ అని ఇప్పటి రాజ్యాంగపు 78వ అధికరణం చెబుతుంది. సింగపూర్‌లో నగర పాలక సంస్థ అదృశ్యమైతే, మొనాకోలో అది దేశమంత విస్తరించింది. అక్కడ జాతీయ శాసనమండలితో పాటు మేయరూ ఉన్నారు. పాత రాతికోట చుట్టూ ఉన్న మొనాకో-విల్ అనే పేటను కొన్ని పుస్తకాలు రాజధానిగా చూపుతాయి. అది ఆ దేశంలోని ఒక వాడ మాత్రమే.

సాన్ మారినోను ఈ కోవలో చేర్చడం పొరపాటు. దాని రాజధాని పేరు కూడా సాన్ మారినోయే. కానీ సుమారు 61 చ.కి.మీ. గల ఆ దేశంలో తొమ్మిది పురపాలక విభాగాలున్నాయి, రాజధాని వాటిలో ఒకటి. జనాభాలో అది పెద్దది కూడా కాదు. ఇక్కడ కలిసినవి పేర్లు, సరిహద్దులు కావు. ప్రతి సూక్ష్మ రాజ్యమూ నగర రాజ్యం కాదన్న విషయాన్ని పేరు చూసి నిర్ణయించేవారు తరచు విస్మరిస్తారు. మన దేశంలో చండీగఢ్ కొంత ఇలాంటిదే. 2011లో ఆ కేంద్రపాలిత ప్రాంతపు జనాభా 10,55,450. నగరపాలక సంస్థ పరిధిలోని జనాభా దానికన్నా కొంత తక్కువ. దగ్గరి సంఖ్యలు కావడంతో ఒకదాని బదులు మరొకటి వాడినా ఎవరికీ అనుమానం రాదు.

జనసాంద్రత దగ్గరకు వచ్చేసరికి ఈ ద్వంద్వ స్థానం అసలైన చిక్కు తెస్తుంది. 2020 జనగణన ప్రకారం సింగపూర్ జనాభా సుమారు 56.9 లక్షలు, వైశాల్యం సుమారు 728 చ.కి.మీ. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 7,800 మంది. దేశాల పట్టికలో ఇది అగ్రశ్రేణి. 2011లో భారతదేశ సాంద్రత 382 మాత్రమే కనుక, సింగపూర్ ఇరవై రెట్లు కిక్కిరిసి ఉన్నట్లు తోస్తుంది. నగరాల పట్టికలో చూస్తే చిత్రం తలకిందులవుతుంది. బృహన్ముంబైలో 2011లో 1,24,42,373 మంది సుమారు 603 చ.కి.మీ.లో నివసించారు, అంటే చదరపు కిలోమీటరుకు 20,600 మంది. సుమారు 650 చ.కి.మీ. గల అప్పటి హైదరాబాదు మహానగరపాలక సంస్థ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం ఉండగా, సాంద్రత పదివేలు దాటింది. సింగపూర్ ఈ రెండింటికన్నా పలుచనైన నగరం. జలాశయాలు, అడవి, సైనిక శిక్షణా ద్వీపాలు కూడా దాని వైశాల్యంలో చేరి ఉండడం ఇందుకు ఒక కారణం. దేశానికి ఉండవలసినవన్నీ ఆ నగరపు సరిహద్దులోనే ఇమడవలసి వచ్చింది. భారతదేశంతో సింగపూర్‌ను పోల్చడం నిజానికి పొలాలు, కొండలు, ఎడారి గల ఒక దేశాన్ని ఒక నగరంతో పోల్చడమే.

లవంలోనూ హారంలోనూ కూడా తేడాలు దాగి ఉంటాయి. 2024 జూన్ నాటికి సింగపూర్ మొత్తం జనాభా 60.4 లక్షలు. అందులో పౌరులు, శాశ్వత నివాసులు కలిసి 41.8 లక్షలు, మిగిలినవారు ఉద్యోగ, విద్యాదుల కోసం ఉన్న విదేశీయులు. ఒక పట్టిక మొదటి సంఖ్యను, మరొకటి రెండవ సంఖ్యను తీసుకుంటే ఒకే నేలకు రెండు సాంద్రతలు వస్తాయి: సుమారు 8,200, సుమారు 5,700. సింగపూర్ అధికారిక సాంద్రత మొత్తం జనాభాపై ఆధారపడినది. జాతుల వారీ శాతాలు మాత్రం నివాసులకే పరిమితం. అక్కడి భారతీయుల నిష్పత్తిని మొత్తం జనాభాకు వర్తింపజేసి ప్రవాసుల సంఖ్యను రాబట్టే వ్యాసాలు ఈ చోటే జారిపడతాయి. ఇక వైశాల్యం సముద్రాన్ని పూడ్చడం వల్ల పెరుగుతూనే ఉంది. స్వాతంత్ర్యం నాటికి సుమారు 581 చ.కి.మీ. ఉన్న దేశం ఇప్పుడు 735 దాటింది. మొనాకోలో 2024 చివర ప్రారంభమైన కొత్త తీరప్రాంతం ఆరు హెక్టార్లే. అయినా 2.02 చ.కి.మీ. స్థానంలో 2.08 వేస్తే, 38 వేల పైచిలుకు జనాభాకు సాంద్రత సుమారు 19,000 నుండి 18,500కు దిగుతుంది. ఒక్కరూ ఊరు విడిచి వెళ్లకుండానే వచ్చిన తగ్గుదల అది.

పరిశోధకులు దేశాల పట్టికనూ నగరాల పట్టికనూ ఒకే దత్తాంశంగా కలిపినప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి. సింగపూర్ జనాభా మొత్తంలో రెండుసార్లు చేరుతుంది. దీనిని కనిపెట్టడానికి పేరుపై ఆధారపడకూడదు, సాన్ మారినో చూపినట్లు పేరు మోసగిస్తుంది. దేశపు పట్టణ జనాభా శాతం నూరు అయి, అతిపెద్ద నగరపు జనాభా దేశ జనాభాతో సమానమైతే ఆ రెండు వరుసలు ఒకే ఏకకానివి. అప్పుడు ఏదో ఒక వరుసను చెరిపివేయనవసరం లేదు. ప్రతి వరుసకు "రాజ్యం", "ఆవాసం" అనే స్థాయిని తెలిపే నిలువు గడిని చేర్చి, మొత్తాలను ఏదో ఒక స్థాయిలోనే లెక్కిస్తే చాలు.