డైవర్జెన్స్ కనిపించేది ఐదు రోజులు ఆలస్యంగా

పాత చార్టు మీద మ్యాక్‌డీ డైవర్జెన్స్ ఇట్టే కంటపడుతుంది. ధర మునుపటి కంటే కిందికి దిగింది, మ్యాక్‌డీ మాత్రం అంత లోతుకు పోలేదు. పతనం అలసిపోయింది, కొనవచ్చు అంటారు.

జెరాల్డ్ ఆపెల్ 1970లలో రూపొందించిన ఈ సూచిక నిజానికి 12 రోజుల, 26 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటుల మధ్య తేడా. సూచీ రోజుకు 40 పాయింట్ల చొప్పున నిలకడగా పడుతోందనుకుందాం. మొదటి సగటు ధరకు ఐదున్నర రోజులు, రెండోది పన్నెండున్నర రోజులు వెనకబడి నడుస్తుంది. మధ్య దూరం 7 రోజులు కాబట్టి మ్యాక్‌డీ -280 దగ్గర నిలుస్తుంది. పతనం రోజుకు 20 పాయింట్లకు నెమ్మదిస్తే, అది మెల్లగా -140కి చేరుతుంది. ధర మాత్రం ఇంకా పడుతూనే ఉంటుంది! డైవర్జెన్స్ చెప్పేది వేగం తగ్గిందనే, దిశ మారిందని కాదు.

దీన్ని కోడ్‌గా రాయబోతే మొదటి చిక్కు ‘అడుగు’ దగ్గరే వస్తుంది. అటు ఐదు రోజులు, ఇటు ఐదు రోజుల ముగింపు ధరల్లో అన్నిటికంటే తక్కువదే అడుగు అనుకుంటే, అది అడుగని తెలిసేది ఐదు రోజులు గడిచాకే.

```python
k = 5
low = close.rolling(2*k + 1).min()
piv = close.shift(k) == low
```

ఇక్కడ `piv` నిజమయ్యేది అడుగు పడిన రోజున కాదు, ఖాయమైన రోజున. ఈ ఆలస్యం మరిచి అడుగు రోజునే కొన్నట్టు లెక్కవేస్తే ఫలితం అద్భుతంగా కనబడుతుంది. అది రేపటి పేపర్ చూసి ఈరోజు కొనడమే.

మిగతా నియమం: వరుసగా రెండు అడుగులు, వాటి మధ్య 10 నుంచి 60 రోజులు, రెండోచోట ధర తక్కువ, మ్యాక్‌డీ ఎక్కువ. ఖాయమైన మర్నాడు ప్రారంభ ధరకు కొని 20 ట్రేడింగ్ రోజుల తరవాత అమ్మాలి.

పోటీకి నిలిపే ట్రెండ్ ఫిల్టర్ ఒక్క వాక్యమే: ముగింపు ధర 200 రోజుల సగటుకు పైనుంటే మర్నాడు కొనవచ్చు. మొత్తం లాభాలను పోల్చడం న్యాయం కాదు, డైవర్జెన్స్ మార్కెట్లో ఉండే రోజులే తక్కువ. కాబట్టి ఫిల్టర్ అనుమతించిన ప్రతి రోజు నుంచీ 20 రోజుల రాబడి తీసి, అవే ఖర్చులు మినహాయించి, సగటు చూడాలి.

ఉదాహరణకు, 25 సంకేతాల సగటు 1.6 శాతం, ఫిల్టర్‌ది 1.1 శాతం వచ్చాయనుకోండి. ఒక్కో సంకేతం రాబడి ఐదు శాతం మేర అటూఇటూ ఊగుతుంటే, 25 సంకేతాల సగటులో పొరపాటు 5ని √25తో భాగిస్తే వచ్చే 1 శాతం. అర శాతం ఆధిక్యం అందులోనే మునిగిపోతుంది. అప్పుడు `k`ని 3 చేసి, 20 రోజులను 15 చేసి చూడాలనిపిస్తుంది. అదే డేటా మీద అలా మారుస్తూ పోతే ఏదో ఒక జత గెలిచి తీరుతుంది. మార్పులన్నీ పాత సగం డేటా మీదే చేసుకుని, మిగతా సగం మీద ఒక్కసారే నడపాలి.

నేను అన్నిటికంటే ముందు చూసేది మరొకటి: సంకేతాల్లో ఎన్ని 200 రోజుల సగటు కింద పుట్టాయి? పడే మార్కెట్లో అడుగులు వెతికే నియమం కనుక, ఫిల్టర్ దూరంగా ఉండమన్న రోజుల్లోనే ఇది కొనమనే అవకాశం ఎక్కువ. ఆ సంకేతాల్లో అన్నిటికంటే పెద్ద నష్టం ఎంతో విడిగా రాసుకోవాలి. సగటు రాబడి పక్కన అది లేకపోతే పోలిక సగమే.