క్రియాటినిన్ 1.0 చెప్పని సంగతి

రక్తపరీక్ష రిపోర్టులో క్రియాటినిన్ 1.0 అని కనిపిస్తే చాలా ఇళ్లలో ‘కిడ్నీలు బాగున్నాయి’ అనుకుని ఆ కాగితం మడిచి లోపల పెట్టేస్తారు. ముప్పై ఏళ్ల మనవడి రిపోర్టులోనూ, డెబ్బై నాలుగేళ్ల అమ్మమ్మ రిపోర్టులోనూ ఆ అంకె ఒకటే ఉండొచ్చు. రెండూ ల్యాబువాళ్లు పక్కన అచ్చు వేసిన నార్మల్ హద్దుల్లోనే ఉంటాయి. అయినా ఆ ఇద్దరి కిడ్నీలు నిమిషానికి వడపోసే రక్తం ఒకటి కాదు.

క్రియాటినిన్ మన కండరాల్లో పుట్టే వ్యర్థం. దాన్ని కిడ్నీలు బయటికి పంపుతాయి. రక్తంలో అది ఎంత ఉందనేది ఎంత పుడుతోంది, ఎంత బయటికి పోతోంది అన్న రెండింటి మీదా ఆధారపడుతుంది. వయసుతో కండ తరుగుతుంది కాబట్టి పుట్టేది తగ్గుతుంది. కిడ్నీల వడపోత కూడా అదే కాలంలో తగ్గుతుంది కాబట్టి పోయేదీ తగ్గుతుంది. రెండు తగ్గుదలలూ ఒకదాన్నొకటి కప్పేసుకుని, రిపోర్టులో అంకె మాత్రం ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది.

దీన్ని కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు వైద్యులు 1976లో ఒక సూత్రం ప్రచురించారు. మందుల మోతాదు నిర్ణయించడానికి దాన్ని నేటికీ వాడుతున్నారు. 140లోంచి వయసు తీసేసి, వచ్చినదాన్ని బరువుతో హెచ్చించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకైతే చివర్లో 0.85తో హెచ్చించాలి. మనవడి బరువు 70 కిలోలు అనుకుంటే అతనికి నిమిషానికి సుమారు 107 మిల్లీలీటర్లు వస్తుంది. అమ్మమ్మ బరువు 48 కిలోలైతే 37 దగ్గర ఆగిపోతుంది. క్రియాటినిన్ ఇద్దరికీ 1.0 అయినా ఆమె వడపోత అతనిలో దాదాపు మూడో వంతు. ఇది అంచనా మాత్రమే, బాగా సన్నగానో లావుగానో ఉన్నవాళ్లలో తప్పుతుంది. అయినా ఒట్టి క్రియాటినిన్ కంటే నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది.

అంత తగ్గినా ఆమెకు ఏ బాధా ఎందుకు తెలియలేదు? రోజువారీ బతుక్కి కావలసిన దానికంటే చాలా ఎక్కువ సామర్థ్యంతో మన అవయవాలు తయారయ్యాయి. ఒక కిడ్నీ దానం చేసినవాళ్లు మిగిలిన ఒక్కదానితో మామూలుగా జీవించగలుగుతున్నారంటే కారణం ఇదే. ఈ అదనపు సామర్థ్యాన్ని వైద్యులు ఫంక్షనల్ రిజర్వ్ అంటారు. వయసు ముందుగా తినేసేది ఈ రిజర్వ్‌నే. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన కిడ్నీ దాతల్లో సరిగా పనిచేసే వడపోత గుచ్ఛాలను అంచనా కట్టి 2017లో ప్రచురించారు. ఇరవైలలో ఉన్నవాళ్లకు ఒక్కో కిడ్నీలో సుమారు 9 లక్షల 90 వేలు ఉంటే, డెబ్బై దాటినవాళ్లకు 5 లక్షల 20 వేలే ఉన్నాయి. వీళ్లెవరూ రోగులు కారు, అన్ని పరీక్షలూ చేసి దానానికి తగినవాళ్లని తేల్చినవాళ్లు. ఏ జబ్బూ లేకుండానే సగం దాకా పోయిందన్నమాట.

అందరిలోనూ ఇది ఒకే వేగంతో జరగదు. బాల్టిమోర్‌లో 1958 నుంచి సాగుతున్న వృద్ధాప్య అధ్యయనంలో సగటున వడపోత ఏడాదికి ముప్పావు మిల్లీలీటరు చొప్పున తగ్గింది. అయినా వాళ్లలో మూడో వంతు మందికి ఏళ్లు గడిచినా తగ్గుదలే కనిపించలేదు. అందుకే ‘డెబ్బై దాటితే కిడ్నీలు పోతాయి’ అనడం ఎంత తప్పో, లెక్క కట్టకుండా ‘నార్మల్’ అనడమూ అంతే తప్పు.

గుండె సంగతీ ఇలాంటిదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కుర్చీలో కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తం కుర్రవాళ్ల కంటే పెద్దగా తక్కువేం కాదు. తేడా అవసరం పడ్డప్పుడు బయటపడుతుంది. గుండె గరిష్ఠంగా ఎంత వేగం అందుకోగలదో వయసును బట్టి అంచనా వేసే సూత్రం ప్రకారం ముప్పై ఏళ్లకు నిమిషానికి సుమారు 187 సార్లు, డెబ్బై నాలుగేళ్లకు 156 సార్లు. వేగం పెంచలేని గుండె ప్రతి దెబ్బకూ ఎక్కువ రక్తం నింపుకుని పని గడుపుకుంటుంది. అయితే దాని గోడలు బిరుసెక్కి ఉంటాయి కాబట్టి నిండాలంటే లోపలికి వచ్చే రక్తం దండిగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఆధారమూ పోతుంది.

నీరు తగ్గకుండా కాపాడాల్సిన దాహమే వయసుతో మొద్దుబారుతుంది. 1984లో ఆక్స్‌ఫర్డ్‌లో ఏడుగురు కుర్రవాళ్లను, 67 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న ఏడుగురు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లను 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచారు. పెద్దవాళ్ల రక్తం ఎక్కువగా చిక్కబడింది. అయినా వాళ్లకు దాహం తక్కువగా వేసింది. తర్వాత నీళ్లిచ్చినా లోటు తీరేంత తాగలేదు. దీనికి తోడు వయసు మీరిన కిడ్నీ మూత్రాన్ని బాగా చిక్కబరిచి నీటిని దాచుకోలేదు. అంటే నీరు ఎక్కువ పోతుంది, పోయిందన్న కబురు మెదడుకు సరిగా అందదు.

ఇవన్నీ ఒకే మనిషిలో, ఒకే వారంలో ఎలా కలుస్తాయో చూడటానికి ఆ అమ్మమ్మనే తీసుకుందాం. ఆమె కల్పిత వ్యక్తే, కానీ పల్నాడులోనో ఖమ్మంలోనో మే నెలలో ఆసుపత్రి వార్డుకు వెళ్తే ఇలాంటివాళ్లు కనిపిస్తారు. బీపీకి టెల్మిసార్టాన్, దానితో కలిసి వచ్చే నీటిమాత్ర రోజూ వేసుకుంటుంది. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ వారంగా వాడుతోంది. ఎండలు 44 డిగ్రీలు దాటిన రోజుల్లో విరేచనాలు పట్టుకున్నాయి. తిన్నది ఇమడటం లేదని మజ్జిగ కూడా మానేసింది. మాత్రలు మాత్రం క్రమం తప్పకుండా వేసుకుంది.

నీరు తగ్గి కిడ్నీకి వచ్చే రక్తం సన్నబడినప్పుడు వడపోత ఆగకుండా ఉండేందుకు శరీరం రెండు పనులు చేస్తుంది. వడపోత గుచ్ఛంలోకి వచ్చే రక్తనాళాన్ని వదులు చేస్తుంది, బయటికి వెళ్లే నాళాన్ని బిగిస్తుంది. అలా లోపల ఒత్తిడి నిలబడుతుంది. వదులు చేసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు, వాటి తయారీని డైక్లోఫెనాక్ ఆపేస్తుంది. బిగించేది యాంజియోటెన్సిన్, దాన్ని టెల్మిసార్టాన్ అడ్డుకుంటుంది. నీటిమాత్ర ఉన్న కాస్త నీటినీ బయటికి తోస్తుంది. మూడు మందులూ విడివిడిగా కొత్తవేం కావు. బీపీ మాత్ర మామూలు రోజుల్లో ఆమెకు మేలే చేసింది. మనవడికి ఇదే విరేచనాల జబ్బు, ఇవే మందులు పడినా 107లోంచి సగం పోయినా యాభై పైన మిగిలి ఉండేది. ఆమెకు 37లోంచి పోతోంది.

మూడో రోజు సాయంత్రం ఇంట్లోవాళ్లు గమనించింది కిడ్నీ జబ్బు కాదు. ఆమె కూతుర్ని గుర్తుపట్టకుండా ‘ఎవరమ్మా నువ్వు’ అంది, బాత్రూమ్‌కు లేస్తూ కూలబడింది, తర్వాత మత్తుగా పడుకుండిపోయింది. పక్షవాతమేమోనని భయపడ్డారు. ఆ భయం అర్థం లేనిది కాదు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యో కాలో పడిపోయినా, మాట తడబడినా అదే అనుకుని పరుగెత్తాలి. కానీ పెద్దవాళ్లలో ఒకటి రెండు రోజుల్లో మతి చలిస్తే, కాసేపు బాగుండి కాసేపు గజిబిజి అవుతుంటే అది డెలీరియం కావచ్చు. జబ్బు ఒంట్లో ఎక్కడో ఉంటుంది, తక్కువ రిజర్వ్ మిగిలిన మెదడు ముందు తడబడుతుంది. ‘ముసలితనం కదా, చాదస్తం’ అని వదిలేసేది దీన్నే. చాదస్తం మంగళవారం లేకుండా గురువారం రాదు.

ఆసుపత్రిలో బీపీ 112/70 ఉంది. అదీ నార్మల్‌లాగే కనిపించే అంకె. ఆమెకు మామూలుగా 150 దగ్గర ఉంటుందని తెలిసినవాళ్లకే అది పడిపోయిందని అర్థమవుతుంది. క్రియాటినిన్ 2.8 వచ్చింది. ఇలా అంకె రోజురోజుకూ మారుతున్నప్పుడు పైన చెప్పిన సూత్రం పనికిరాదు, అసలు వడపోత అది చూపేదానికంటే చాలా తక్కువ ఉండొచ్చు. చర్మాన్ని గిల్లి చూస్తే మడత నిలబడింది, కానీ పెద్దవాళ్ల చర్మం బిగువు తగ్గి మామూలుగానే అలా ఉంటుంది. నోరు, నాలుక ఎండిపోవడం, ముదురు రంగులో కొద్దికొద్దిగా మూత్రం రావడం, పడుకున్నప్పటి కంటే నిలబడ్డప్పుడు పై బీపీ 20 పాయింట్లకు పైగా పడిపోవడం వంటివన్నీ కలిపి చూడాలి. ఇంట్లో బరువు చూసే మిషన్ ఉంటే అది మరీ నమ్మదగిన సాక్షి. రెండు రోజుల్లో కిలోన్నర తగ్గితే అది కండో కొవ్వో కాదు, దాదాపు లీటరున్నర నీరు.

వైద్యం చెప్పుకోవడానికి తేలిక. నొప్పి మాత్ర ఆపాలి, బీపీ మందులు తాత్కాలికంగా నిలపాలి, సెలైన్ ఎక్కించాలి. కష్టమంతా ఎంత వేగంగా ఎక్కించాలన్నదే. నెమ్మదిగా ఎక్కిస్తే కిడ్నీ దెబ్బతింటుంది, తొందరపడితే బిరుసెక్కిన గుండె ఆ నీటిని మోయలేక ఊపిరితిత్తుల్లోకి వదులుతుంది. కుర్రవాళ్లలో ఈ రెండు ప్రమాదాల మధ్య చాలా చోటుంటుంది. ఆమెకు ఆ చోటు ఇరుకు. అందుకే నర్సు గంటగంటకూ మూత్రం కొలుస్తుంది, డాక్టరు రోజుకు మూడు నాలుగు సార్లు ఊపిరితిత్తులు వింటారు.

ఆరో రోజుకు క్రియాటినిన్ 1.2కు దిగింది. మతి స్థిరపడింది. ఇప్పుడు లెక్క వేస్తే 31 వస్తుంది, అంటే పోయినదంతా తిరిగి రాలేదు. ఈలోగా మంచం మీద ఇంకో నష్టం జరిగింది. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచానికే పరిమితం చేస్తే ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. జబ్బులేని వాళ్లకే అంతైతే ఆమెకు ఇంకెంతో. సెలైన్ సీసా వేలాడుతున్నా రెండో రోజే పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి, వీలైతే నాలుగడుగులు వేయించాలి. ‘పాపం, పడుకోనివ్వండి’ అనే ప్రేమ ఇక్కడ నడకనే తీసేసుకుంటుంది.

డిశ్చార్జి కాగితంలో ఇంట్లోవాళ్లు అడిగి రాయించుకోవాల్సినవి ఉన్నాయి. రెండు వారాలకోసారి క్రియాటినిన్ ఎప్పటిదాకా చూడాలి, ఆపిన బీపీ మాత్ర ఏ రోజు మళ్లీ మొదలెట్టాలి, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ బదులు ఏం వాడాలి. ఈసారి విరేచనాలో వాంతులో పట్టుకుంటే ఏ మాత్ర ఎన్ని రోజులు ఆపాలన్నది కూడా డాక్టరు చేతే రాయించుకోవాలి. ఓఆర్‌ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్లకని రాసి ఉంటే లీటరులోనే కలపాలి, దాహం కోసం ఎదురుచూడకుండా గంటకోసారి అరగ్లాసు చొప్పున తాగించాలి. గుండె బలహీనత ఉందని ముందే చెప్పి ఉంటే ఆ కొలత కూడా డాక్టరే చెప్పాలి.