ఆ పదకొండు సెకన్లు ఎక్కడ పోయాయి?

గోంగూర పచ్చడి ఎలా చేయాలో రాసిన ఒక పేజీ ఉందనుకుందాం. పైన పచ్చడి ఫొటో, కింద కొలతలు, తయారీ, మధ్యలో ఒక యూట్యూబ్ వీడియో, అక్కడక్కడా ప్రకటనలు. ఫోన్‌లో తెరిస్తే చాలాసేపు తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. కారణం తెలుసుకోవడానికి క్రోమ్‌లోనే ఉచితంగా ఒక సాధనం ఉంది, పేరు లైట్‌హౌస్. కంప్యూటర్‌లో పేజీ తెరిచి F12 నొక్కి, Lighthouse ట్యాబ్‌లో మొబైల్ ఎంచుకుని నడిపిస్తే ఒక నిమిషంలో రిపోర్టు వస్తుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలో నడపడం మంచిది. లేకపోతే బ్రౌజర్‌లో మనం పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ల బరువు కూడా పేజీ ఖాతాలో పడుతుంది.

మన గోంగూర పేజీకి 38 వచ్చింది, ఎర్ర రంగులో. 50 లోపు ఎరుపు, 90 లేదా ఆపైన ఆకుపచ్చ. దాని కింద పొడవాటి చిట్టా ఉంటుంది: వాడని సీఎస్ఎస్ తీసేయండి, ఫైళ్లను ఎక్కువకాలం క్యాష్‌లో ఉంచండి, ఇలా పదిహేను ఇరవై సూచనలు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. చిట్టాను పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా సరిచేస్తూ పోతారు. నిజానికి ఆ సూచనలకు నేరుగా మార్కులేమీ లేవు. మార్కులన్నీ పైన కనిపించే అయిదు కొలతలకే. వాటిలోనూ మూడింటిదే 80 శాతం వాటా. మిగతా రెండిటినీ ప్రస్తుతానికి వదిలేయవచ్చు.

ఆ మూడింటిలో మొదటిది Largest Contentful Paint, అందరూ ఎల్‌సీపీ అంటారు. తెర మీద కనిపించే అతిపెద్ద బొమ్మో, పేరానో పూర్తిగా ప్రత్యక్షం కావడానికి పట్టిన సమయం ఇది. రెండున్నర సెకన్లలోపు ఉంటే బాగున్నట్టు, నాలుగు దాటితే బాగాలేనట్టు. మన పేజీకి 11.4 సెకన్లు. పాఠకుడు వెనక్కి వెళ్లిపోవడానికి ఇది చాలు కాబట్టి పని ఇక్కడే మొదలుపెట్టాలి.

రిపోర్టులో LCP breakdown అనే భాగం తెరిస్తే ఈ సమయం నాలుగు ముక్కలుగా కనిపిస్తుంది: సర్వర్ నుంచి మొదటి జవాబు రావడానికి పట్టింది, ఆ తర్వాత బొమ్మను అడగడానికే జరిగిన ఆలస్యం, బొమ్మ దిగడానికి పట్టింది, దిగాక తెర మీదికి రావడానికి పట్టింది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. లైట్‌హౌస్ మామూలుగా పేజీని మన వేగవంతమైన ఇంటర్నెట్‌లోనే తెరిచి, నెమ్మది ఫోన్‌లో ఎంత పట్టేదో లెక్కగట్టి పైన చూపిస్తుంది. అందుకే నాలుగు ముక్కలూ కూడితే పై అంకె రాకపోవచ్చు. సెట్టింగ్స్‌లో DevTools throttling ఎంచుకుంటే నెట్‌ను నిజంగానే బిగించి నడుపుతుంది, అప్పుడు లెక్క కుదురుతుంది. అలా నడిపితే మన పేజీకి వచ్చింది ఇది: సర్వర్‌కు 1.1 సెకన్లు, అడగడంలో ఆలస్యం 1.9, దిగడానికి 8, తెరకెక్కడానికి 0.4.

ఆ ఎనిమిది సెకన్ల సంగతి కాగితం మీద కూడా తేలుతుంది. లైట్‌హౌస్ ఊహించే నెమ్మది 4జీ వేగం సెకనుకు 1.6 మెగాబిట్లు, అంటే సుమారు 200 కేబీ. పచ్చడి ఫొటో 2560 పిక్సెళ్ల వెడల్పుతో 1.5 ఎంబీ ఉంది. ఒక్క ఫొటోకే ఏడున్నర సెకన్లు. లైట్‌హౌస్ పరీక్షకు వాడే ఫోన్ తెరకు 720 పిక్సెళ్లు చాలు. అదే ఫొటోను 800 వెడల్పుకు కుదించి వెబ్‌పీ రూపంలో దాచితే 80 కేబీ దగ్గర ఆగుతుంది, అర సెకనులో దిగిపోతుంది. చిట్టాలోని 'వాడని సీఎస్ఎస్' మహా అయితే 40 కేబీ, దాన్ని తీయడానికి పడే తంటాలకు మిగిలేది 0.2 సెకను. ఏది ముందు చేయాలో ఈ భాగహారమే చెబుతుంది.

రెండో ముక్క, అంటే 1.9 సెకన్ల ఆలస్యం, కాస్త విచిత్రమైనది. బొమ్మలను పాఠకుడు కిందికి జరిపినప్పుడే దించే పద్ధతిని లేజీ లోడింగ్ అంటారు. పేజీ అడుగున ఉన్న బొమ్మలకు అది మంచిదే. కానీ కొన్ని థీములు, 'వేగం పెంచే' ప్లగిన్లు కూడా, దాన్ని అన్ని బొమ్మలకూ తగిలించేస్తాయి, అన్నిటికంటే పైన ఉన్న ఫొటోతో సహా. అప్పుడు పేజీ రూపురేఖలు తేలేదాకా బ్రౌజర్ ఆ ఫొటోను అడగనే అడగదు. రిపోర్టులో LCP request discovery దగ్గర ఎర్ర గుర్తు ఉంటే ఇదే అని అనుమానించాలి. పై బొమ్మకు మాత్రం `loading="lazy"` తీసేసి, ముందు దీన్నే దించమని చెప్పాలి:

```html
<img src="gongura-800.webp" width="800" height="600"
     fetchpriority="high" alt="గోంగూర పచ్చడి">
```

ఈ రెండూ చేసి మళ్లీ నడిపితే ఎల్‌సీపీ 2.7 దగ్గరికి దిగుతుంది. అంతవరకూ పట్టించుకోని సర్వర్ ఆలస్యం, 1.1 సెకన్లు, ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ముక్కగా తేలుతుంది. తయారైన పేజీని దాచిపెట్టి ఇచ్చే క్యాష్ ప్లగిన్ పెడితే 0.7కు వస్తుంది, మొత్తం 2.3. ఇదే పని మొదట చేసి ఉంటే పదకొండున్నరలో సగం సెకను కూడా తగ్గేది కాదు.

పైన బొమ్మ లేని పేజీల్లో అతిపెద్దది పేరా అవుతుంది. అక్కడ తెలుగు ఫాంటు అడ్డుపడుతుంది. ఒత్తులు, గుణింతాల వల్ల మన ఫాంటు ఫైళ్లు లాటిన్ వాటికంటే బరువు, పైగా నాలుగైదు మందాలు దించుకునే సైట్లున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఉండనే ఉంటుంది. మెయిన్ మ్యాటర్‌కు దాన్నే వాడుకుని, అందమైన ఫాంటును శీర్షికలకు మాత్రం ఉంచితే సరిపోతుందని నా అభిప్రాయం.

రెండో కొలత Cumulative Layout Shift. చదువుతుంటే హఠాత్తుగా ప్రకటన ఊడిపడి పేరా కిందికి జారిపోవడాన్ని కొలిచేది ఇదే. 0.1 లోపు ఉండాలి, మనకు 0.25 ఉంది. ప్రకటన డబ్బాకు ముందే `min-height` ఇచ్చి జాగా ఖాళీగా ఉంచితే, బొమ్మలకు పై కోడ్‌లోలా వెడల్పు, ఎత్తు రాస్తే చాలావరకు పోతుంది. పది నిమిషాల పనికి పన్నెండు మార్కులు.

మూడోది Total Blocking Time, జావాస్క్రిప్ట్ ఫోన్‌ను ఊపిరాడకుండా చేసిన సమయం. 50 మిల్లీసెకన్లు దాటిన ప్రతి పనిలోనూ ఆ దాటిన భాగాన్ని కూడుతుంది. మనకు 600 వచ్చింది, 200 లోపు ఉండాలి. ఇందులో పెద్ద వాటా యూట్యూబ్ ప్లేయర్‌ది, షేర్ బటన్ల ప్లగిన్‌ది. వీడియో స్థానంలో దాని ముఖచిత్రం మాత్రం పెట్టి, నొక్కినప్పుడే ప్లేయర్ తెచ్చుకునే ఏర్పాటు చేస్తే ఈ భారం చాలా తగ్గుతుంది. ప్రకటనల స్క్రిప్టు భారం మాత్రం మన చేతుల్లో ఉండదు. ఆదాయం కావాలనుకుంటే దాన్ని భరించాల్సిందే, 100 కోసం పట్టుబట్టడం దండగ.

ఒక్కసారి నడిపి వచ్చిన మార్కును నమ్మవద్దు. ఏమీ మార్చకపోయినా అయిదారు మార్కులు అటూ ఇటూ అవుతుంది. అయిదుసార్లు నడిపి నడిమి అంకె తీసుకోవాలి. అదే పేజీని పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెడితే, తగినంతమంది వచ్చే సైటైతే, నిజమైన క్రోమ్ వాడకందారుల అనుభవం పైన విడిగా కనిపిస్తుంది. అది గత 28 రోజుల లెక్క కాబట్టి, ఈరోజు ఫొటో కుదించినా అక్కడి అంకె పూర్తిగా మారడానికి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా మార్పు పనిచేయలేదనుకుని మరో ప్లగిన్ తెచ్చి పెట్టకండి.