కిక్‌ఆఫ్ స్పీచ్‌లో ‘ఇది ఎవరిది?’ అని అడగకపోతే ఏమవుతుంది?

ప్రాజెక్ట్ మొదలయ్యే రోజు మేనేజర్ ఇచ్చే స్పీచ్ ఉంటుంది కదా, ఇవాళ దాని గురించే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అరగంటా నేను ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఒకసారి కొన్ని క్లినిక్‌లు నడిపే క్లయింట్‌కి పది వారాల్లో అపాయింట్‌మెంట్ యాప్ చేయాలి. లాగిన్ నాది. స్లైడ్ మీద ‘ఓటీపీ లాగిన్: బ్యాకెండ్ టీమ్, క్లయింట్’ అని ఉంది. ఆరో వారంలో ‘లాగిన్ పూర్తి’ అని టిక్ పెట్టేశాం. నిజానికి టెస్టింగ్ కోసం ఓటీపీ ఎప్పుడూ 123456 ఉండేలా నేనే పెట్టుకున్నా. ఎనిమిదో వారంలో అసలు ఎస్సెమ్మెస్ పంపి చూస్తే ఒక్క ఫోన్‌కీ రాలేదు.

తప్పు కోడ్‌లో లేదు. మన దేశంలో కంపెనీలు ఇలాంటి ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే, ట్రాయ్ రూల్స్ ప్రకారం టెలికాం సంస్థల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేయాలి. మొదట కంపెనీ, తర్వాత మెసేజ్ పైన కనబడే పేరు, ఆ తర్వాత మెసేజ్‌లోని మాటలు, అంటే టెంప్లేట్. పంపిన మెసేజ్ ఆ టెంప్లేట్‌తో సరిపోకపోతే దారిలోనే ఆగిపోతుంది. కంపెనీ పత్రాలు క్లయింట్ దగ్గరున్నాయి కాబట్టి వాళ్లు చేస్తారని మేం, టెక్నికల్ పని కాబట్టి మేం చేస్తామని వాళ్లు అనుకున్నాం. లాంచ్ రెండు వారాలు వెనక్కి పోయింది.

తర్వాతి ప్రాజెక్ట్‌లోనూ ఓటీపీ లాగినే. ఈసారి అదే మేడమ్ ఇలా మొదలుపెట్టారు: “లాంచ్ పన్నెండో వారం చివర. అక్కణ్ణించి వెనక్కి లెక్కపెడదాం. చివరి వారం అనుకోనివాటికి వదిలేద్దాం. పది, పదకొండు క్లయింట్ వాడి చూడటానికి. మనకి మిగిలింది తొమ్మిది వారాలే. డీఎల్‌టీ అప్రూవల్ మన చేతిలో ఉండదు, అందుకే అది మొదటి వారమే మొదలవ్వాలి.”

మైల్‌స్టోన్ మాట కూడా మార్చేశారు. “‘లాగిన్ పూర్తి’ అనొద్దు. నాలుగో వారం శుక్రవారానికి మూడు వేర్వేరు నెట్‌వర్క్‌ల సిమ్‌లకి నిజమైన ఓటీపీ రావాలి. వస్తే అయినట్టు, రాకపోతే కానట్టు.”

తర్వాత నన్ను చూసి, “డీఎల్‌టీ నీది” అన్నారు.

“పత్రాలు వాళ్ల దగ్గర కదా మేడమ్?”

“పని వాళ్లే చేస్తారు. ఎక్కడిదాకా వచ్చిందో రోజూ కనుక్కునేది నువ్వు. ఆగితే ఆ రోజే నాకు చెప్పేదీ నువ్వే.”

ఓనర్ అంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది. రెండో వారంలో టెంప్లేట్ రిజెక్ట్ అయింది. అదే సాయంత్రం చెప్పాను, మర్నాడు మార్చి మళ్లీ పెట్టారు. నాలుగో వారం శుక్రవారం మూడు ఫోన్లూ మోగాయి.

ఒక్క జాగ్రత్త. ప్రతి పనికీ ఒకే పేరు ఉండాలి కానీ, అన్ని పనులకీ ఒకరి పేరే ఉండకూడదు. ఆ మనిషి వారం సెలవు పెడితే అన్నీ ఆగిపోతాయి. ఈసారి స్లైడ్ మీద ‘టీమ్’ అన్న మాట కనబడితే, మీటింగ్ అయిపోకముందే “టీమ్‌లో ఎవరండీ?” అని అడిగేయండి.