నాలుగొందల పందేల పద్దు

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే కుర్రాడనుకోండి. వయసు ఇరవై ఆరు. ఇద్దరు స్నేహితులతో కలిసి కొండాపూర్‌లో అద్దెకుంటాడు. చేతిలో బెట్టింగ్ ఐడీ ఉంది, ఐపీఎల్ మొదలైందంటే రాత్రిళ్లు ఫోన్ వదలడు. కుర్రాడు కల్పితమే, అతని పద్దులోని అంకెలు కూడా నేను వేసినవే. కానీ రేట్లు కట్టే పద్ధతి, ఆ రేట్లలో డబ్బు కారిపోయే తీరు మాత్రం నిజంగా ఇలాగే ఉంటాయి.

అతనికి తన మీద తనకున్న అభిప్రాయం ఒకటే: "కొంచెం లాభంలోనే ఉన్నా." గదిలో ఒక స్నేహితుడు "ఎంత లాభం?" అని అడిగితే వెంటనే అంకె చెప్పలేకపోయాడు. ఆఫీసులో ప్రతిదానికీ లాగ్ రాసేవాడికి అది నచ్చలేదు. ఆ రోజే ఒక షీటు తెరిచాడు. తేదీ, మ్యాచ్, ఏ జట్టు, ఎంత పెట్టాడు, ఏ రేటు, ఏమైంది, ఇవి మామూలు గడులు. వీటికి రెండు అదనంగా చేర్చాడు. ఒకటి "ఎందుకు గెలిచాను లేదా ఓడాను". రెండోది "టాస్‌కి ముందు చివరి రేటు". కథలో అసలు విషయం ఈ రెండు గడుల దగ్గరే ఉంది.

ఏడాది తిరిగేసరికి 400 పందేలయ్యాయి. లెక్క తేలిగ్గా ఉండాలని అతను సమఉజ్జీల మ్యాచ్‌లే ఎంచుకునేవాడు. అంటే ఏ జట్టు మీద పెట్టినా 90 పైసల రేటు. వెయ్యి పెట్టి గెలిస్తే పైన తొమ్మిదొందలు వస్తాయి, ఓడితే వెయ్యీ పోతుంది. 400లో 201 గెలిచాడు, 199 ఓడాడు. సగానికి పైగా గెలిచాడన్నమాట. అయినా షీటు అడుగున కనిపించింది 35,500 రూపాయల నష్టం.

తప్పు ఫార్ములాలో ఉందేమోనని బ్యాంకు స్టేట్‌మెంటు తీసి సరిచూశాడు. వేరువేరు ఖాతాలకు యూపీఐలో పంపినదంతా కలిపితే 73,500. తిరిగి వచ్చింది 38,000. తేడా అదే 35,500. ఇన్నాళ్లూ అతనికి గుర్తున్నది ఆ 38,000లోని 18,000 ఒక్కటే, ఒక రాత్రి ఒకేసారి ఖాతాలో పడిన డబ్బు. పంపినవన్నీ వెయ్యి, రెండువేలు చొప్పున పోయాయి కాబట్టి ఏదీ నష్టంలా అనిపించలేదు.

ఓడినవాటిని మరిచిపోవడం వల్లే ఇలా జరుగుతుందని మనం అనుకుంటాం. 1983లో థామస్ గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫుట్‌బాల్ పందెగాళ్ల మీద చేసిన అధ్యయనం వేరే సంగతి చెప్పింది. వాళ్లు ఓటముల్ని మరిచిపోలేదు. గెలుపుల కన్నా ఓటముల గురించే ఎక్కువ మాట్లాడారు, అవే బాగా గుర్తు పెట్టుకున్నారు కూడా. అయితే మాట్లాడినదంతా ఓటమిని కొట్టిపారేయడానికే. గెలుపును ఉన్నదున్నట్టు తీసుకున్నారు, ఓటమికి మాత్రం "దాదాపు గెలిచిందే" అనే సంజాయిషీ కట్టారు.

మన కుర్రాడి "ఎందుకు" గడి అచ్చం అలాగే ఉంది. గెలిచినచోట రెండు మాటలు: "బౌలింగ్ బలం". ఓడినచోట వాక్యాలకు వాక్యాలు: మంచు కురిసి బంతి జారింది, అంపైర్ వైడ్ ఇవ్వలేదు, ఆఖరి ఓవర్లో క్యాచ్ వదిలేశారు, వాన వచ్చి ఓవర్లు తగ్గించారు. ప్రతి ఒక్కటీ నిజమే, ఆ సంఘటనలు జరిగాయి. కానీ గెలిచిన 201 మ్యాచ్‌లలో కూడా అవతలి జట్టు క్యాచ్‌లు వదిలి ఉంటుంది, మంచు ఇతనికే కలిసొచ్చి ఉంటుంది. వాటిలో ఒక్కటీ షీటులో లేదు. ఆ గడి లేకపోతే అతను తన నష్టాన్ని చూసి కూడా "ఈ ఏడాది అదృష్టం బాగాలేదు" అని సరిపెట్టుకునేవాడే.

ఇక డబ్బు ఎటు పోయిందో చూద్దాం. సమఉజ్జీల మ్యాచ్‌లో న్యాయమైన రేటు రూపాయికి రూపాయి. బుకీ ఇచ్చేది 90 పైసలు. ఒకడు ఈ జట్టు మీద వెయ్యి, ఇంకొకడు ఆ జట్టు మీద వెయ్యి పెడితే బుకీ చేతికి రెండువేలు వస్తాయి. గెలిచినవాడికి 1,900 ఇస్తాడు, వంద మిగుల్చుకుంటాడు. ఎవరు గెలిచారన్నది అతనికి పట్టదు. ఈ రేటు దగ్గర ఆడేవాడు నష్టపోకుండా ఉండాలంటే వందలో యాభై గెలిస్తే చాలదు, 52.6 గెలవాలి. మన కుర్రాడు 50.25 గెలిచాడు. సెషన్ పందేల్లో ఈ కోత ఇంకా కనపడదు. ఆరు ఓవర్లకు "47-48" అని ఇస్తారు. ఎస్ అన్నవాడు గెలవాలంటే 48 లేదా పైన రావాలి, నో అన్నవాడు గెలవాలంటే 47 కన్నా తక్కువ రావాలి. సరిగ్గా 47 దగ్గర ఆగిందా, ఇద్దరి డబ్బూ బుకీదే. రూపాయికి రూపాయి ఇస్తున్నాడు కదా అని మురిసిపోయేవాళ్లకు ఆ ఒక్క పరుగు సంగతి తట్టదు.

నూటికి ఐదు పోవడం చిన్న కోతలాగే ఉంటుంది. 73,500 పంపినవాడికి ఐదు శాతమంటే నాలుగువేల లోపే కదా అనిపిస్తుంది. కోత పడేది పంపిన డబ్బు మీద కాదు, పెట్టిన ప్రతి పందెం మీద. గెలిచిన డబ్బును బయటికి తీయకుండా మళ్లీ పెడుతూ పోతే అదే రూపాయి తిరిగితిరిగి రేటు కింద పడుతుంది. ఏడాదిలో అతను పెట్టిన పందేల మొత్తం 5,20,000. పంపిన ప్రతి రూపాయీ దాదాపు ఏడుసార్లు తిరిగింది. 5,20,000లో ఐదు శాతం 26,000. ఏ నైపుణ్యమూ లేకుండా బొమ్మా బొరుసూ వేసి ఆడినా ఇంచుమించు అంత పోవాల్సిందే.

400 పందేలకు వెయ్యి చొప్పున నాలుగు లక్షలే కావాలి, మరి 5,20,000 ఎలా అయింది? షీటును మొత్తాల ప్రకారం విడదీస్తే జవాబు దొరికింది. 340 పందేలు వెయ్యి రూపాయలవి. వాటిలో 174 గెలిచాడు, నష్టం 9,400. మిగతా 60 మూడేసి వేలవి. వాటిలో 27 గెలిచి 33 ఓడాడు, నష్టం 26,100. అంటే పోయినదాంట్లో ముప్పాతిక వంతు దాకా ఈ అరవై పందేల్లోనే పోయింది. తేదీలు చూస్తే ఆ అరవైలో చాలావరకు రాత్రి పదకొండు తర్వాతివి, ఆ రోజు అంతకుముందే ఓడినవి. పోయింది రాబట్టుకోవాలని పెట్టినవి. పందెం పెద్దదైనంత మాత్రాన రేటు మెరుగుపడదు. అదే ఐదు శాతం మూడింతల సొమ్ము మీద పడుతుంది.

ఇక్కడే నాకు చాలా బాధ కలుగుతుంది. ఈ కథలో కుర్రాడికి జీతం ఉంది, 35,500 పోతే తట్టుకున్నాడు. మన రెండు రాష్ట్రాల్లో ఎందరో పిల్లలు ఇదే "రాబట్టుకోవడం" దగ్గర లోన్ యాప్‌ల దాకా, ఊళ్లో పొలం దాకా వెళ్లారు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించే చట్టం చేసింది. అయినా ఐడీలు దొరుకుతూనే ఉన్నాయి. డబ్బు ఇరుక్కుంటే అడగడానికి చిరునామా కూడా ఉండదు. ఆపాలనుకుని ఆపలేకపోతున్నవాళ్లు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

షీటు చూపించినప్పుడు గదిలో రెండో స్నేహితుడు ఒప్పుకోలేదు. "అది నీ లెక్క మామా. నేను ఈ ఏడాది పదివేలు లాభం." అతను అబద్ధం చెప్పడం లేదు. సరిగ్గా ఇవే పందేలు, ఇవే మొత్తాలు, ఏ నైపుణ్యమూ లేని వందమంది ఆడారనుకుందాం. సగటున ఒక్కొక్కరికి 26,000 పోతుంది, కానీ అదృష్టం వల్ల ఎక్కువమంది ఫలితం దానికి అటూ ఇటూ 28,000 మేర చెదిరి ఉంటుంది. అందుకే మొదటి ఏడాది చివర వందలో పద్దెనిమిది మంది దాకా లాభంలో కనిపిస్తారు. మూడేళ్లు ఇలాగే ఆడితే ఐదారుగురు మిగులుతారు. ఐదేళ్లకు ఇద్దరే. ఆ పద్దెనిమిది మందిలో ప్రతి ఒక్కరూ తమకు ఆట తెలుసనే నమ్ముతారు, పక్కవాళ్లకు చెబుతారు. ఓడిన ఎనభై రెండు మంది ఎక్కువగా మాట్లాడరు.

మన కుర్రాడి నష్టంలోనూ అదృష్టం పాలు ఉంది. 26,000 పోవాల్సినచోట 35,500 పోయింది. ఇది నిజాయితీగా ఒప్పుకోవలసిన చిక్కు: ఒక ఏడాది గెలుపోటములను బట్టి నైపుణ్యం ఉందో లేదో తేలదు. నూటికి ఐదు పోతున్న సంగతి అదృష్టం నుంచి విడదీసి, కాస్త నమ్మకంగా చెప్పాలంటే ఒకే మొత్తంతో దాదాపు 1,450 పందేలు కావాలి. ఇతని వేగంతో మూడున్నరేళ్లు. పందేనికి వెయ్యి చొప్పున ఆ సంగతి తెలుసుకోవడానికే 72,000 దాకా ఖర్చవుతుంది.

రెండో అదనపు గడి ఇందుకే పనికొచ్చింది. మ్యాచ్ దగ్గరపడేకొద్దీ పెద్ద మొత్తాలు, బాగా తెలిసినవాళ్ల డబ్బు వచ్చి పడి రేటు కదులుతుంది. అందుకని చివరి రేటే ఉన్నవాటిలో నిజానికి దగ్గరగా ఉంటుంది. మీరు ఉదయం 90 పైసలకు పెట్టిన జట్టు సాయంత్రానికి 80కి దిగితే, ఆ జట్టు గెలిచే అవకాశం ఎక్కువని మిగతావాళ్ల కన్నా ముందు మీరు కనిపెట్టినట్టు. రూపాయికి ఎక్కితే ఎక్కువ దొరికేదాన్ని తక్కువకు తీసుకున్నట్టు. మ్యాచ్ ఎవరు గెలిచారన్నది ఈ పరీక్షకు అక్కర్లేదు, కాబట్టి అదృష్టం ఇందులో పెద్దగా జోక్యం చేసుకోదు. టాస్ పడ్డాక రేటు వేరే కారణంతో గెంతుతుంది, అందుకే టాస్‌కి ముందు రేటే రాయాలి. మ్యాచ్ నడుస్తుండగా పెట్టినవి వదిలేస్తే అతనికి పరీక్షించడానికి 150 పందేలు మిగిలాయి. 61 చోట్ల అతనికి దొరికిన రేటు మెరుగు. 89 చోట్ల చివరి రేటే మెరుగు. తనకు తెలిసింది అప్పటికే రేటులో ఉందనీ, రేటులో ఉన్నది కొంత తనకు తెలియదనీ ఆ గడి చెప్పింది.

స్నేహితుడు కూడా రేటు రాసుకోవడం మొదలుపెట్టి, ఆ పరీక్షలో నెగ్గాడే అనుకుందాం. అప్పుడేమవుతుందో 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఉంది. టోక్యో విశ్వవిద్యాలయంలోని లిసాండ్రో కౌనిట్జ్, ఇద్దరు సహచరులు జట్ల గురించి ఏమీ అంచనా వేయకుండా, పదుల కొద్దీ బుకీల ఫుట్‌బాల్ రేట్లను పోల్చి చూశారు. సగటు కన్నా బాగా ఎక్కువ రేటు పొరపాటున ఇచ్చినవాళ్ల దగ్గరే పందెం పెట్టారు. కొన్ని నెలలు నిజం డబ్బుతో ఆడి లాభం తీశారు. చట్టబద్ధంగా నడిచే ఆ బుకీ సంస్థలు అది గమనించి, వాళ్ల ఖాతాల్లో పెట్టగలిగే మొత్తాన్ని కుదించేశాయి. దాంతో వాళ్లు ఆట ఆపేశారు.