దోమ అంటే ఇంట్లో, దమా అంటే ఇళ్లు

మాస్కో వీధిలో РЕСТОРАН అన్న బోర్డు చూస్తే ఇంగ్లీషుకు అలవాటుపడ్డ కన్ను దాన్ని ‘పెక్టోపాహ్’ అని చదివేస్తుంది. అది రెస్టారెంటు. Р అంటే ర, С అంటే స, Н అంటే న. పలకాల్సింది ‘రిస్తరాన్’ అని. రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో 33 అక్షరాలున్నాయి. వాటిలో Ж, Ю, Щ లాంటి వింత ఆకారాలు నిజానికి పెద్దగా ఇబ్బంది పెట్టవు. కొత్తవని తెలుసు కాబట్టి జాగ్రత్తగా నేర్చుకుంటాం. మోసం చేసేవి తెలిసిన ముఖాలే: В, Н, Р, С, У, Х. ఇవి వరుసగా వ, న, ర, స, ఉ, చివరిది గొంతులో ఒరిపిడితో వచ్చే హ. అక్షరమాలను వరుసగా బట్టీపట్టే బదులు ముందు ఈ ఆరింటి పని పట్టడం మేలు. చేతిరాతలో ఇంకో మెలిక ఉంది. చిన్న т చాలామంది చేతిలో ఇంగ్లీషు ఎమ్‌లా, д జీలా, и యులా మారిపోతాయి. పరీక్షలో రాత భాగం ఉంటుంది కనుక వీటినీ చేత్తో రాసి అలవాటు చేసుకోవాలి.

తెలుగువారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. రష్యన్ т, д పళ్లకు నాలుక తగిలించి పలికేవి, అచ్చం మన త, ద. వాటిని ఇంగ్లీషు మీదుగా ట, డ చేసుకున్నది మనమే. మనం టాల్‌స్టాయ్ అని రాసుకునే పేరును రష్యన్లు ‘తల్‌స్తోయ్’ అంటారు. ఆ పేరులో ఇంకో సంగతి కూడా దాగి ఉంది. రష్యన్‌లో దాన్ని Толстой అని రాస్తారు, రెండుచోట్లా о అక్షరమే. మరి మొదటిది ‘అ’, రెండోది ‘ఓ’ ఎందుకయ్యాయి?

ఊనిక వల్ల. రష్యన్ మాటలో ఒక అచ్చు మీద ఒత్తు పడుతుంది. ఆ అచ్చు కాస్త సాగి, నిండుగా పలుకుతుంది. మిగతావి కుంచించుకుపోతాయి. ఊనిక లేని о ‘అ’ వైపు జారుతుంది, ఊనిక లేని е, я చాలాచోట్ల ‘ఇ’ వైపు జారతాయి. పాలను молоко అని రాస్తారు, మూడు о లు. ఊనిక చివరి దాని మీద కనుక వినిపించేది ‘మలకో’. పొరుగున ఉన్న బెలారూసియన్ భాష ఈ మాటను పలికినట్టే малако అని రాసుకుంటుంది. రష్యన్ మాత్రం పాత రాతనే నిలబెట్టుకుంది.

తెలుగువాడు జారేది సరిగ్గా ఇక్కడే. ఎలా రాస్తే అలా చదవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ప్రతి అచ్చుకూ దాని విలువ పూర్తిగా ఇచ్చేస్తాం, అందుకే ‘మోలోకో’ అంటాం. అయితే మనకు హ్రస్వ దీర్ఘాల తేడా బాగా తెలుసు. ఊనిక ఉన్న అచ్చును దీర్ఘంలా, మిగతావాటిని హ్రస్వాల్లా పలికితే సగం దారి వచ్చేసినట్టే. మిగతా సగం ఆ హ్రస్వాల రంగు మార్చడం.

చిక్కేమిటంటే ఊనిక ఎక్కడ పడాలో అక్షరాలు చెప్పవు. పాఠ్యపుస్తకాల్లో, నిఘంటువుల్లో అచ్చు మీద చిన్న గీత పెడతారు. పత్రికల్లో, నవలల్లో, వీధి బోర్డుల మీద అది ఉండదు. పైగా ఊనిక స్థానం మారితే అర్థమూ మారవచ్చు. до́ма అంటే ఇంట్లో, ‘దోమ’ అని పలకాలి. дома́ అంటే ఇళ్లు, ‘దమా’ అని పలకాలి. ఒకే మాట రూపం మారినప్పుడు కూడా ఊనిక గెంతుతుంది. నగరం го́род, నగరాలు города́. మొదటిది ‘గోరత్’, రెండోది ‘గరదా’. మొదటిదాంట్లో చివరి д ‘త్’ అయింది గమనించారా? మాట చివర వచ్చే б, в, г, д, з లు ప, ఫ, క, త, స లుగా బిగుసుకుంటాయి. ఇది నియమం, మినహాయింపు కాదు.

ё అనే అక్షరం మీద మాత్రం దాదాపు ఎప్పుడూ ఊనిక ఉంటుంది. కానీ అచ్చులో దాని పైనున్న రెండు చుక్కలు తరచు వదిలేస్తారు. దాని ఫలితం మన దినపత్రికల్లో ఏళ్ల తరబడి కనిపించింది: గోర్బచేవ్. అసలు పేరు Горбачёв, పలుకుబడి ‘గర్బచోఫ్’.

విదేశీయులకు రష్యా పెట్టే భాషా పరీక్షను ТРКИ అంటారు, ఇంగ్లీషులో టోర్ఫల్. అందులో మొదటి మెట్టు ఎలిమెంటరీ, యూరప్ కొలమానంలో ఎ1. వ్యాకరణం–పదజాలం, చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని ఐదు భాగాలు. చదివే భాగం మౌనంగా చదివి జవాబులు గుర్తించేదే. మరి పైకి చదవడం ఎందుకంటారా? మనసులో ‘మోలోకో’ అని చదువుకున్నవాడికి వినే భాగంలో ‘మలకో’ వినిపిస్తే అది తెలిసిన మాటేనని తట్టదు. కంటికి వచ్చిన మాట చెవికి రాదు.

రెండు వాక్యాలు తీసుకుందాం: Сего́дня ма́ма до́ма. Она́ пьёт молоко́. ఈ రోజు అమ్మ ఇంట్లో ఉంది, పాలు తాగుతోంది అని అర్థం. మొదటి మాటలో ఊనిక రెండో అచ్చు మీద ఉంది, కాబట్టి మొదటి е ‘ఇ’ అవుతుంది. г ని ఈ మాటలో ‘వ’ అని చదవాలి, ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే. చివరి я ముందున్న న ను మెత్తబరుస్తుంది. మొత్తం ‘సివోద్న్య’. తర్వాత ‘మామ దోమ’. తెలుగు చెవికి నవ్వొస్తుంది, వస్తే మంచిదే, మరచిపోరు. Она ‘అనా’. пьёт లో ь కి సొంత శబ్దం లేదు. అది ముందున్న ప ను మెత్తన చేసి, తర్వాత వచ్చే ‘యో’ను విడిగా నిలబెడుతుంది: ‘ప్‌యోత్’. చివర ‘మలకో’.

ఇక మొదటి వాక్యంలో రెండు మాటలనే ప్రశ్నగా మార్చండి: Ма́ма до́ма? తెలుగులో ‘ఉంది’కి ‘ఆ’ చేర్చి ‘ఉందా’ అంటాం. రష్యన్‌లో ఇక్కడ ఏమీ చేరదు, మాటల వరుసా మారదు. గొంతు ఒక్కటే మారుతుంది. మాస్కో విశ్వవిద్యాలయానికి చెందిన యెలేనా బ్రిజ్గునోవా రష్యన్ స్వరధోరణులను ఏడు రకాలుగా విభజించారు. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఆ లెక్కే నడుస్తోంది. అందులో మూడోది ఈ ప్రశ్న. ‘దో’ మీద గొంతు ఒక్కసారి పైకి లేస్తుంది, ‘మ’ దగ్గరికి వచ్చేసరికి దిగిపోతుంది. మనం మన అలవాటు కొద్దీ చివరి ‘మ’ను పైకి లాగుతాం. గొంతు ఎక్కడ లేవాలో చెప్పేది ఊనికే కాబట్టి, అది తప్పితే ప్రశ్న కూడా తప్పుతుంది.

సాధనకు నాకు తోచిన దారి ఇది. పాఠంలోని పది వాక్యాలను గీతలు లేకుండా చేత్తో ఎత్తి రాసుకోండి. పుస్తకంతో వచ్చిన ఆడియో వింటూ ఊనిక పడినచోట పెన్సిల్‌తో గీత పెట్టండి, పుస్తకంతో సరిచూసుకోండి. ఒక్కో వాక్యం విని వెంటనే పలకండి, ఫోన్‌లో రికార్డు చేయండి. వినేటప్పుడు ఒక్క సంగతే పట్టించుకోండి: ఒక మాటలో రెండు అచ్చులు సమానంగా నిండుగా వినిపిస్తే అక్కడ తప్పు జరిగింది. మర్నాడు గీతలు చెరిపేసి చదవండి. తడబడిన మాటలను రెండు రూపాల్లోనూ నోటుబుక్కులో రాసుకోవాలి: నీరు вода́, కర్మగా వచ్చినప్పుడు во́ду. చెయ్యి рука́, చేతులు ру́ки. ఇలాంటివాటికి సులువైన సూత్రం లేదు, జంటగా పైకి పలుకుతూ నేర్చుకోవడమే.