గడుగ్గాయి తల వాల్చిన పొద్దు

మా పక్కింటి టీచరమ్మగారు బడి నుంచి రిటైరయ్యారు కానీ హాజరు వేయడం మానలేదు. రాజమండ్రిలో ఆవిడ వరండా నిండా ఇరవై రెండు కుండీలు. ప్రతి కుండీకీ ఒక పేరుంది. గుమ్మం పక్కనున్న కరివేపాకు క్లాసు లీడరు. పూయమంటే మొహం చాటేసే కనకాంబరం బడిదొంగ. మూలన నీడలో ఉండే మనీప్లాంటు వెనకబెంచి. కడియం నర్సరీ నుంచి తెచ్చిన పసుపు చామంతి, తెచ్చిన నెలకే కుండీ దాటి కొమ్మలు చాపినందుకు, గడుగ్గాయి.

ముద్దు కోసమే ఈ పేర్లనుకునేదాన్ని. ఒక ఆగస్టు పొద్దున వాటి అసలు ఉపయోగం చూశాను.

ఆవిడ రోజూ ఆరింటికి, ఎండ రాకముందే, కుండీ కుండీ దగ్గరా ఆగి పేరు పెట్టి పిలుస్తారు. పేరు పలికేటప్పుడు ఆ ఒక్క మొక్కనే చూస్తారు. నిన్న అది ఎలా ఉందో గుర్తొస్తుంది. ఇరవై రెంటినీ కలిపి చూస్తే అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. ఆ రోజు చామంతి దగ్గర ఆగిపోయారు. "గడుగ్గాయి తల వాల్చేసిందమ్మా," అన్నారు. నాకైతే తేడా ఏమీ తెలియలేదు. దగ్గరికెళ్లి చూస్తే కొమ్మల చివర్లు కాస్త వంగి, అడుగు ఆకులు రెండు మూడు పసుపు తిరిగి ఉన్నాయి.

"నీళ్లు పోయనా అండీ?" అని చెంబు అందుకున్నాను.

"ఆగు. ముందు మట్టినడుగుదాం."

మధ్యాహ్నం ఎండకి ఆకు వాలడం రోగం కాదు. ఆకుల నుంచి ఆవిరైపోయేంత వేగంగా వేళ్లు నీళ్లు అందించలేవు, అంతే. రాత్రికి తేరుకుని తెల్లారేసరికి మొక్క నిటారుగా నిలబడుతుంది. రాత్రంతా గడిచాక కూడా వాలి ఉన్న మొక్కనే అనుమానించాలి. అందుకే ఆవిడ హాజరు పొద్దున్నే.

చూపుడువేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చారు. చల్లగా, జిగటగా అంటుకుంది. నిండా నీళ్లున్నా మొక్క దాహంతో ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతాం. వేళ్లకు నీటితో పాటు గాలీ కావాలి. మట్టి రేణువుల సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లే నిలిచిపోతే వేళ్లకు ఊపిరాడదు. అవి చచ్చిపోతుంటే నీటిలో పెరిగే శిలీంధ్రాలు పట్టి కుళ్లబెడతాయి. వేరు లేని మొక్క చుట్టూ ఎంత నీరున్నా తాగలేదు కాబట్టి, ఎండిపోతున్నదానిలాగే తల వాలుస్తుంది. అది చూసి మనం మరో చెంబు పోస్తాం.

కారణం కుండీ కిందే దొరికింది. వారం రోజులు ఆవిడ ఊళ్లో లేరు. నేల మరకలు పడకుండా ఎవరో కుండీ కింద పళ్లెం పెట్టారు. అసలే వానలు, పైగా రోజూ నీళ్లు పోశారు. పళ్లెంలో నిలిచిన నీళ్లను కుండీ మళ్లీ అడుగు నుంచి పీల్చుకుంటూనే ఉంది.

మొదలు దగ్గర అరచేయి అడ్డుపెట్టి, కుండీ బోర్లించి, మట్టిగడ్డను జారవిడిచారు. మురుగుకాలవ వాసన. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగులో మెత్తబడ్డాయి. పట్టి లాగితే పైతొడుగు ఊడొచ్చి లోపలి సన్నని దారం మిగులుతోంది. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కుళ్లినవన్నీ తీసేశారు. మిగిలిన వేళ్లు అన్ని ఆకుల్నీ పోషించలేవని పై కొమ్మల్లోనూ మూడో వంతు కత్తిరించారు. పాత మట్టి పారేసి, రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు ముతక ఇసుక కలిపి, వేరే మట్టికుండీలో నాటారు. ఎరువు వేయలేదు, కోలుకుంటున్న వేళ్లు దాన్ని తట్టుకోలేవట. కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి, ఎండ తగలని చోటికి జరిపారు.

మొక్క మొదట్లో కాండం కొద్దిగా నల్లబడటం ఆవిడ చూశారు. కుళ్లు కాండానికెక్కితే ఎంత చేసినా ఆశ తక్కువ. అందుకని కత్తిరించిన కొమ్మల్లో పచ్చగా ఉన్న మూడింటి చివర్లను, మూడంగుళాల చొప్పున కోసి, అడుగు ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చారు.

తొమ్మిదో రోజున తల్లి మొక్క పోయింది. ఆవిడ చాలాసేపు ఆ కుండీ దగ్గరే కూర్చున్నారు. మూడు వారాలకు ఇసుకలోని కొమ్మల్లో రెండు వేళ్లు తన్నాయి. ఒకటి నాకిచ్చారు, రెండోదానికి అదే పేరు పెట్టారు.

ఆలస్యంగా నాటింది కదా, డిసెంబరులో ఆ చిన్న గడుగ్గాయికి నాలుగే పూలు పూశాయి. ఆ పళ్లెం ఇప్పుడు పిట్టగోడ మీద పిచ్చుకలకు నీళ్లు పెట్టడానికి వాడుతున్నారు.